మూడు వేలు దాటితే చెప్పు

2022 ఫిబ్రవరిలో మా ఇంట్లో నేను ఎక్కువసేపు చూసిన ముఖం ఎవరిదీ కాదు, ఈథర్ చార్ట్‌ది. జనవరిలో రెండు విడతలుగా కొన్నాను. సగటు ధర మూడు వేల డాలర్లు. కొన్న డబ్బు నాది కూడా కాదు, మా ఆవిడ పాడిన చీటీ డబ్బు. నెలాఖరుకల్లా ధర 2,500 దగ్గరికి జారింది. ఆ తర్వాత నేను రాత్రి రెండింటికి లేవడం, దుప్పటి కింద ఫోన్ వెలుతురులో అంకెలు చూసుకోవడం, మళ్ళీ మూడున్నరకి లేవడం. ఒకరోజు తను పక్కకి కూడా తిరగకుండా అంది: "దాన్ని చూస్తే పెరుగుతుందా? పెరిగితే అదే చెప్పేలా ఏదో ఒకటి రాసుకోవచ్చుగా. సాఫ్ట్‌వేరేగా నువ్వు చేసేది."

నిజమే. ఆ శనివారం కూర్చున్నాను.

పని చూడ్డానికి చాలా చిన్నది. ధర ఎక్కడో ఒక చోట నుంచి తెచ్చుకోవాలి, పోల్చాలి, ఫోన్‌కి కబురు పంపాలి. కబురు కోసం టెలిగ్రామ్ ఎంచుకున్నాను, ఎందుకంటే అక్కడ బాట్ పుట్టించడానికి రెండు నిమిషాలు చాలు. `BotFather` అనే బాట్‌కి `/newbot` అని పంపితే పేరడిగి, ఒక టోకెన్ ఇస్తుంది. ఆ టోకెనే తాళంచెవి. అది ఎవరి చేతిలో ఉంటే బాట్ వాళ్ళది, అందుకని కోడ్‌లో రాసి గిట్‌హబ్‌లో పెట్టకూడదు. ఇంకో చిన్న మర్యాద కూడా ఉంది: బాట్ తనంతట తాను మనల్ని పలకరించలేదు. ముందు మనమే దానికి `/start` అని పంపాలి. అప్పుడు `getUpdates` అని అడిగితే మన చాట్ నంబరు అందులో కనిపిస్తుంది. ఇక ఆ నంబరుకి ఎన్ని కబుర్లైనా పంపొచ్చు.

ధర సంగతి ఇంకా తేలిక. బైనాన్స్ ఎక్స్ఛేంజి తన ధరల్ని ఎవరడిగినా ఇస్తుంది, ఖాతా కూడా అక్కర్లేదు. ఈ మాట నొక్కి చెప్పాలి. కబురు చెప్పే బాట్‌కి మన ఎక్స్ఛేంజి ఖాతా తాళాలతో పనిలేదు. అది చూస్తుంది, చెప్తుంది. కొనడం, అమ్మడం దాని పని కాదు. నేను కొన్నది మన దేశపు ఎక్స్ఛేంజిలో, రూపాయల్లో. అక్కడి ధర డాలరు లెక్కకి కొంచెం అటూ ఇటూగా ఉండేది. అయినా నా మనసులో నాటుకున్న అంకె మూడు వేల డాలర్లే కాబట్టి దాన్నే పట్టుకున్నాను.

మొదటి కోడ్ పది లైన్లు. నిమిషానికోసారి ధర చూడు, 3000 పైన ఉంటే కబురు పంపు. ఇంట్లోని పాత ల్యాప్‌టాప్‌లో క్రాన్ పెట్టి, ఆ రాత్రి హాయిగా పడుకున్నాను.

ధర నిజంగానే మూడు వేలకి చేరిన రాత్రి ఫోన్ మోగింది. చూశాను. సంతోషించాను. నిమిషం తర్వాత మళ్ళీ మోగింది. ఇంకో నిమిషానికి మళ్ళీ. ఫోన్‌ని దిండు కింద పెడితే దిండు కూడా మోగడం మొదలుపెట్టింది. ధర పైన ఉన్నంతసేపూ నిమిషానికో కబురు. నేనడిగింది అదే మరి.

తెలుగు చదువుకునే అలవాటున్నవాళ్ళకి ఈ తప్పు వెంటనే దొరుకుతుంది. నేను నోటితో అన్నది "మూడు వేలు దాటితే చెప్పు" అని. కోడ్‌లో రాసింది "మూడు వేల పైన ఉంటే చెప్పు" అని. 'ఉంది' స్థితి. 'దాటింది' సంఘటన. ఉన్నదో లేదో తెలియాలంటే ఒక్క క్షణం చూస్తే చాలు. దాటిందని చెప్పాలంటే రెండు క్షణాలు కావాలి: ఇందాక కింద ఉండాలి, ఇప్పుడు పైన ఉండాలి. అంటే బాట్‌కి ఇందాకటి సంగతి గుర్తుండాలి. కానీ క్రాన్ లేపిన ప్రోగ్రాం ప్రతిసారీ కొత్తగా పుడుతుంది, పని చేసి పోతుంది. కిందటి నిమిషం తనకి కిందటి జన్మ. అందుకని పోయేముందు ఒక ఫైల్లో ఒక్క మాట రాసి పోవాలి: `below` లేదా `above`. తర్వాత పుట్టినవాడు ముందు అది చదువుకుంటాడు. ఫైలే లేకపోతే, అంటే మొట్టమొదటి జన్మలో, కబురేమీ పంపకుండా ఉన్న స్థితి రాసుకుని ఊరుకోవాలి. లేదంటే బాట్ పెట్టిన మొదటి నిమిషంలోనే దాటనిది దాటిందంటుంది.

ఇదీ చాల్లేదు. ధర గీతని ఒకసారి దాటి మర్యాదగా వెళ్ళిపోదు. గడప మీద నిలబడి మాట్లాడే చుట్టంలా లోపలికో కాలు, బయటికో కాలు వేస్తుంది. 2,998, 3,001, 2,999, 3,003, 2,997. ఇందులో 'పైకి దాటడం' రెండుసార్లు జరిగింది, నిజంగానే. బాట్ రెండుసార్లు చెప్పింది, నిజమే చెప్పింది. నాకే అక్కర్లేదు. దీనికి మందు పాతదే, ఫ్రిజ్‌లోని థర్మోస్టాట్‌లో ఉండేదే: ఒక గీత బదులు రెండు గీతలు. మూడు వేలు తాకితే కబురు. ఆ తర్వాత ధర 2,970 కంటే కిందికి దిగేదాకా మళ్ళీ నోరెత్తకూడదు. దిగితే అప్పుడు కొత్త దాటడానికి సిద్ధం.

```python
if side == "below" and price >= 3000:
    save("above")
    send("ETH 3000 పైకి దాటింది")
elif side == "above" and price < 2970:
    save("below")
```

ఈ ఒక్క శాతం ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, చూసి పెట్టుకున్నదే. పది డాలర్ల తేడా పెడితే ఒక్కోరోజు నాలుగైదు కబుర్లొచ్చేవి. ముప్ఫై పెడితే సద్దుమణిగింది. ఎక్కువగా ఎగిరిపడే కాయిన్‌కి ఇంకా పెద్ద తేడా కావాలి. ఎంత అన్నది ఆ కాయిన్ రోజువారీ ఊగిసలాట చూస్తే తెలుస్తుంది. పైన ఉన్న ఐదు లైన్లు మాత్రం ఒకసారి జాగ్రత్తగా చూసి పెట్టుకోండి, వాటితో పనుంది.

మార్చి చివర్లో ఈథర్ మళ్ళీ మూడు వేలు దాటింది. బాట్ ఒక్కసారే చెప్పింది, సరిగ్గా చెప్పింది. నేను అమ్మలేదు. బాట్ చక్కగా పనిచేసిందన్న మురిపెంలో, ఇంకొంచెం ఆగుదాం అనుకున్నాను. 3,500 దాకా వెళ్ళింది. ఇంకొంచెం అనుకున్నాను. ఏప్రిల్లో మళ్ళీ దిగొచ్చింది. ఈ భాగంలో బాట్ తప్పేం లేదు.

అప్పుడే నాకు ఇండికేటర్ల పిచ్చి పట్టింది. ఉట్టి ధర కాదు, ఆర్‌ఎస్‌ఐ 30 కిందికి వెళ్తే చెప్పాలి, అప్పుడు ఇంకాస్త కొని సగటు తగ్గించుకోవచ్చని. ఆర్‌ఎస్‌ఐ వెల్స్ వైల్డర్ అనే ఆయన 1978లో పుస్తకం వేసి చెప్పిన లెక్క. కంప్యూటర్ లేకుండా కాగితం మీద వేసుకోగలిగేది. గత పద్నాలుగు క్యాండిళ్ళలో పెరిగిన రోజుల పెరుగుదల సగటు ఒకవైపు, తగ్గిన రోజుల తగ్గుదల సగటు ఒకవైపు. పెరుగుదల సగటు 12, తగ్గుదల సగటు 28 అనుకుంటే, 12ని మొత్తం 40తో భాగించి వందతో హెచ్చిస్తే 30. అంతే. కింద ఉన్నకొద్దీ ఈమధ్య అమ్మేవాళ్ళదే పైచెయ్యి అని అర్థం. తర్వాత పెరుగుతుందని మాత్రం అందులో ఎక్కడా లేదు, అది మనం కలుపుకునేది.

నాలుగు గంటల క్యాండిళ్ళ మీద పెట్టాను. ఒక మధ్యాహ్నం ఆఫీసులో మీటింగ్‌లో ఉండగా మూడుంబావుకి కబురు: ఆర్‌ఎస్‌ఐ 29.4. కొంచెం కొన్నాను. సాయంత్రం ఇంటికొచ్చి చార్ట్ తెరిస్తే ఆ రోజంతట్లో ఆర్‌ఎస్‌ఐ 30 కిందికి వెళ్ళిన ఆనవాలే లేదు. ఆ క్యాండిల్ దగ్గర 33 అని ఉంది. బాట్ నాతో అబద్ధమాడిందా?

ఆడలేదు. నాలుగు గంటల క్యాండిళ్ళు యూటీసీ లెక్కన సున్నా, నాలుగు, ఎనిమిది గంటలకి అలా మొదలవుతాయి. మన గడియారంలో అవి తెల్లారి ఐదున్నర, తొమ్మిదిన్నర, మధ్యాహ్నం ఒంటిగంటన్నర, ఐదున్నర, రాత్రి తొమ్మిదిన్నర, ఒంటిగంటన్నర. మూడుంబావుకి ఆ క్యాండిల్ ఇంకా సగం కూడా కాలేదు. ఆ క్షణం ధరతో లెక్కవేస్తే 29.4. కానీ ఐదున్నరకి ముగిసేలోపు ధర కోలుకుంది, ముగింపు ధరతో లెక్క 33. చార్ట్ ముగింపునే గుర్తుపెట్టుకుంటుంది, మధ్యలో జరిగిన తడబాటుని చెరిపేస్తుంది. మళ్ళీ క్రియల గొడవే. బాట్ 'దాటుతోంది'ని 'దాటింది' అని చెప్పింది. ఎక్స్ఛేంజిని క్యాండిళ్ళ జాబితా అడిగితే చివర ఇచ్చేది ఎప్పుడూ ఇంకా నడుస్తున్న క్యాండిలే. ఎక్కడా దాని నెత్తిన 'అసంపూర్ణం' అని రాసి ఉండదు. దాన్ని మనమే పక్కనపెట్టాలి:

```python
rows = requests.get(
    "https://api.binance.com/api/v3/klines",
    params={"symbol": "ETHUSDT", "interval": "4h", "limit": 250},
    timeout=10).json()
closes = [float(r[4]) for r in rows[:-1]]
```

ఆ `[:-1]` విలువ నాకు పదకొండు వేల రూపాయలు. ఆ తర్వాత ఆర్‌ఎస్‌ఐని నిమిషం నిమిషం చూడ్డం మానేసి, క్యాండిల్ ముగిసిన రెండు నిమిషాలకి మాత్రమే, అంటే రోజుకి ఆరుసార్లే లెక్కవేయించాను. కబురు ఆలస్యంగా వస్తుంది, నాలుగు గంటల దాకా ఆలస్యం. కానీ వచ్చినది మాట మార్చదు. రెండూ కావాలంటే కుదరదు.

250 ఎందుకని అడగొచ్చు, పద్నాలుగు చాలు కదా అని. నేనూ ముందు పద్నాలుగిటి మామూలు సగటే వేశాను. చార్ట్‌తో ఎప్పుడూ కలిసేది కాదు, ఒక్కోసారి ఐదారు అంకెల తేడా. కారణం, వైల్డర్ సగటు వేరు. పాత సగటుని 13తో హెచ్చించి, కొత్తది కలిపి, 14తో భాగిస్తాడు. అంటే పాత రోజు ఏదీ ఒక్కసారిగా పోదు, పలచబడుతూ పోతుంది. మామూలు సగటులో అయితే పదిహేను క్యాండిళ్ళ కిందటి పెద్ద పతనం జాబితాలోంచి జారిపోయిన క్షణంలో, ధర కదలకపోయినా ఆర్‌ఎస్‌ఐ గంతేస్తుంది. వైల్డర్ లెక్కకి మొదటి సగటు ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా, ఆ మొదలు తాలూకు వాసన ముప్ఫై క్యాండిళ్ళ తర్వాత కూడా పదోవంతు మిగిలే ఉంటుంది. 250 పోయాక మిగలదు. అప్పుడు మన అంకె, చార్ట్ అంకె కలుస్తాయి. కలిశాకే బాట్‌ని నమ్మడం మొదలుపెట్టాలి.

నేను కాస్త ఎక్కువే నమ్మాను.

ఏప్రిల్లో ఇంట్లో మాట ఇచ్చాను. ఈసారి మూడు వేలు తాకితే మొత్తం అమ్మేస్తాను, ఇంకొంచెం అనే మాట ఎత్తను అని. తను "సరే" అంది, ఆ సరేలో నమ్మకం లేదు. ఆ నెల చివర్లో ఒక సాయంత్రం భోజనాల దగ్గర తను అడిగింది: "నిన్న రాత్రి దాటిందంట కదా, మా ఆఫీసులో ఎవరో అన్నారు. అమ్మావా?"

దాటలేదు, దాటితే కబురొచ్చేది అన్నాను. ఫోన్ తీసి చూపించబోయి చార్ట్ తెరిచాను. దాటింది. రాత్రి దాటింది, పొద్దుటిదాకా పైనే ఉంది, నేను భోజనానికి కూర్చునే వేళకి దిగడం మొదలైంది. మర్నాడు లేచేసరికి 2,800 చిల్లర. ఆ రోజంతా నేను ఫోన్ వైపే చూడలేదు. చూడక్కర్లేకుండా చేసుకున్నానని గర్వంగా కూడా ఉన్నాను.

లాగ్ తవ్వితే కథ మొత్తం ఉంది. రాత్రి దాటిన నిమిషంలో బాట్ లేచింది, ధర చూసింది, దాటిందని గుర్తించింది. ఫైల్లో `above` అని రాసింది. తర్వాత కబురు పంపబోయింది. సరిగ్గా అప్పుడు మా ఇంటి వైఫై పోయింది. కరెంటు పోయొచ్చినట్టుంది, రౌటర్ మళ్ళీ లేవడానికి రెండు మూడు నిమిషాలు తీసుకుంటుంది. పంపడం విఫలమై ప్రోగ్రాం చచ్చిపోయింది. రౌటర్ లేచాక బాట్ మళ్ళీ పుట్టింది. ఫైలు చదివింది: `above`. ధర చూసింది: పైనే. దాటడమేమీ లేదు కాబట్టి నోరుమూసుకుంది. పొద్దుటిదాకా నిమిషానికోసారి పుట్టి, అంతా సవ్యంగానే ఉందనుకుని, పోయింది.

పైన చూసి పెట్టుకోమన్న ఐదు లైన్లకి మళ్ళీ వెళ్ళండి. `save` ముందు, `send` తర్వాత. చెప్పకముందే చెప్పేశానని రాసుకుంది. తప్పంతా ఆ రెండు లైన్ల వరసలో ఉంది. తిరగేస్తే, పంపడం విఫలమైతే ఫైలు `below` గానే ఉంటుంది, తర్వాతి నిమిషం మళ్ళీ ప్రయత్నిస్తుంది. దీనికీ ఒక నష్టముంది: కబురు వెళ్ళి, ఫైలు రాసేలోపు కరెంటు పోతే అదే కబురు రెండోసారి వస్తుంది. రెండుసార్లు వినడమా, అసలు వినకపోవడమా అన్నదే బేరం. మూడోది, సరిగ్గా ఒక్కసారే అన్నది, ఈ సైజు ప్రోగ్రాంలో దొరకదు.

వరస తిరగేసినా ఇంకో చిల్లు మిగిలింది. పైథాన్ `requests` లైబ్రరీ, అవతలివైపు "నీ కబురు తీసుకోను" అని తిప్పికొట్టినా తప్పుగా లెక్కపెట్టదు. జవాబొచ్చింది కదా అనుకుంటుంది. అందుకే పంపే చోట `raise_for_status()` ఒకటి పెట్టాలి. లేకపోతే పంపినట్టే అనుకుని ఫైలు రాసేస్తుంది.

అయితే నన్ను ఎక్కువగా కుదిపింది ఆ వరస కాదు. ఆ రోజంతా నేను నిశ్శబ్దాన్ని జవాబుగా తీసుకోవడం. కబురు రాలేదంటే ఏమీ జరగలేదనుకున్నాను. కానీ నిశ్శబ్దానికి రెండర్థాలు: ఏమీ జరగలేదు, లేదా చెప్పేవాడు లేడు. ఫోన్ దగ్గర కూర్చుని ఈ రెంటినీ విడదీయడానికి దారే లేదు. క్రాన్ తన తప్పుల్ని ఆ కంప్యూటర్లోనే ఎవరూ తెరవని మెయిల్ పెట్టెలో వేస్తుంది, అది చూసేదెవరు?

తర్వాతి ఆదివారం రెండు పనులు చేశాను. బాట్‌ని ల్యాప్‌టాప్ నుంచి నెలకి నాలుగైదు వందలు పడే అద్దె సర్వర్‌కి మార్చాను. రోజూ తెల్లారి ఐదూ ముప్ఫై ఐదుకి, ఏమీ జరక్కపోయినా ఒక లైను పంపమన్నాను: "ఉన్నాను. ETH 2811. కింద." రోజువారీ క్యాండిల్ మనకి ఐదున్నరకే ముగుస్తుంది కాబట్టి ఆ వేళ. ఆ లైన్లో ధర ఉండడం ముఖ్యం. ఉట్టి "ఉన్నాను" అయితే ధర తెచ్చే భాగం చచ్చిపోయినా వస్తూనే ఉంటుంది. నిన్నటిదీ ఇవాళ్టిదీ ఒకే అంకె, పైసాతో సహా, కనిపిస్తే ఏదో ఇరుక్కుందని తెలుస్తుంది.

మే నెలలో టెర్రా కూలినప్పుడు ఈథర్ రెండు వేలకి పడింది. సగం అమ్మేశాను. మూడోవంతు నష్టం. ఆ ఏప్రిల్ ఒకటి నుంచి వచ్చిన పన్ను రూలు ప్రకారం ఈ నష్టాన్ని ఇంకో లాభంలోంచి తీసేసుకోవడానికి కూడా వీల్లేదు. జూన్‌లో వెయ్యి కిందికి వెళ్ళింది. ఆ రోజుల్లో కూడా ఐదూ ముప్ఫై ఐదుకి లైను వస్తూనే ఉండేది. పాల ప్యాకెట్ తీసుకుంటూ మా ఆవిడే ముందు చదివేది. ఒకరోజు, "మీవాడు ఇవాళ లేవలేదు" అంది. నిజమే, సర్వర్లో డిస్కు నిండిపోయింది. నేను రాయించుకున్న లాగే నింపింది.

మిగిలిన సగం గురించి ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం. రెండు వేలు తాకితే అమ్మేయాలి, రాత్రైనా సరే. తను ఒక్క ప్రశ్న అడిగింది. "కబురు వచ్చిందని సరే. నువ్వు చూశావని దానికెలా తెలుస్తుంది?" తెలీదు. ఫోన్ సైలెంట్‌లో ఉండొచ్చు, నేను నిద్రలో తోసేయొచ్చు. అప్పుడు బాట్‌కి చివరి ముక్క కలిపాను: దాటిందని చెప్పాక, ఎవరో ఒకరు "చూశా" అని జవాబిచ్చేదాకా పది నిమిషాలకోసారి అదే కబురు మళ్ళీ పంపుతుంది. మేమిద్దరం, బాట్, ముగ్గురికీ కలిపి ఒక గ్రూపు పెట్టాను. గ్రూపులో బాట్‌కి మామూలుగా అందరి మాటలూ వినపడవు, దాని కబురుకి రిప్లై ఇస్తే మాత్రం వినపడుతుంది. అది తనకి చూపించాను.

ఆగస్టులో ఒక రాత్రి ఈథర్ రెండు వేలు దాటింది. నేను లేవలేదు. పొద్దున్న గ్రూపు తెరిస్తే మొదటి కబురు కిందే, రెండు నిమిషాల తేడాలో, తన రిప్లై: "చూశాం. పొద్దున్నే అమ్మేద్దాం, పడుకో." దాని కింద ఆ రాత్రంతా పది నిమిషాలకోసారి, బాట్ పంపిన అదే కబురు వరసగా ఉంది. నేను కోడ్‌లో "చూశా" అన్న మాటతో `==` పెట్టాను. సున్నా చేరి "చూశాం" అయ్యేసరికి, ఆపైన ఇంకో వాక్యం కూడా ఉండేసరికి, అది దాని లెక్కలో జవాబు కాలేదు.

ముందు అమ్మేశాను. తర్వాత ల్యాప్‌టాప్ తెరిచి `==` తీసేసి `startswith` పెట్టాను.